ఫస్ట్ ఇయర్ ల్యాబ్ రిపోర్ట్ ఎలా రాయాలి: బోరు నీళ్ల కఠినత్వం ప్రయోగంతో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీల్లో ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చాలామందికి ఎదురయ్యే ప్రయోగం ఈడీటీఏతో నీటి కఠినత్వం కొలవడం. శాంపిల్ కోసం దూరం పోనక్కర్లేదు, హాస్టల్ బోరు చాలు. పప్పు ఉడకని నీళ్లకు, బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లకు మన దగ్గర కొరత లేదు. అందుకే కింది జవాబులన్నీ ఆ ఒక్క ప్రయోగం మీదే నడిపాను. ఇందులో ఇచ్చిన రీడింగులు లెక్క చూపించడానికి వేసుకున్నవి. వాటిని ఏ ఊరి నీళ్ల మీదా తీర్పుగా తీసుకోవద్దు.

రికార్డు రాస్తూనే ఉన్నాం కదా, మళ్లీ రిపోర్ట్ ఎందుకు?

రికార్డులో కుడి పేజీ మీద ఉద్దేశం, పరికరాలు, సూత్రం, విధానం రాస్తారు. ఎడమ తెల్ల పేజీ మీద పెన్సిల్‌తో పట్టిక, లెక్కలు వేస్తారు. చివర "ఇచ్చిన నీటి శాంపిల్ కఠినత్వం ఇంత" అని ఒక్క లైను, కింద సంతకం. ప్రయోగం చేశారని చూపడానికి అది సరిపోతుంది. చదివే లెక్చరర్‌కు ప్రయోగం ముందే తెలుసు, కాబట్టి మీరు చెప్పనివి ఆయనే పూరించుకుంటారు.

రిపోర్ట్ చదివే మనిషి మీ బెంచీ దగ్గర లేరు. ఏ నీళ్లు తెచ్చారో, ఎంత తీసుకున్నారో, బ్యూరెట్‌లో ఏం చదివారో, దాని మీద మీరు ఏం అనుకున్నారో అన్నీ కాగితం మీద నుంచే వాళ్లకు తెలియాలి. రికార్డుకూ రిపోర్ట్‌కూ అసలు తేడా చివరి భాగంలో ఉంది. రికార్డులో చర్చకు చోటే ఉండదు. అందుకే మొదటిసారి రిపోర్ట్ రాసేవాళ్లు "చర్చ" అనే శీర్షిక పెట్టి, దాని కింద ఫలితాన్నే ఇంకోసారి రాసి ఊరుకుంటారు.

ఉద్దేశం, విధానం, ఫలితాలు, చర్చ అనే వరుస ఎందుకు మార్చకూడదు?

ఒక్కో భాగం ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏం తెలుసుకోవాలనుకున్నారు? దానికి ఏం చేశారు? ఏం కనబడింది? కనబడినదానికి అర్థమేంటి? ఒక భాగంలోని సరుకు ఇంకో భాగంలోకి జారితే చదివేవాళ్లకు నమ్మకం పోతుంది. ఉదాహరణకు ఫలితాల్లో "9.4 మి.లీ. వచ్చింది, అంటే నీళ్లు తాగడానికి పనికిరావు" అని రాశారనుకోండి. మొదటి సగం బ్యూరెట్ చెప్పింది, రెండో సగం మీరు చెప్పింది. రెండూ ఒకే వాక్యంలో ఉంటే మీ అభిప్రాయం ఒప్పుకోనివాళ్లు మీ రీడింగును కూడా అనుమానిస్తారు.

వాటిని విడివిడిగా పెడితే, చర్చ తప్పని అనిపించిన మనిషి కూడా మీ ఫలితాలు తీసుకుని తన లెక్క తాను వేసుకోగలడు. వరుస పెట్టింది అందుకే.

అయితే రాసేటప్పుడు కూడా ఇదే వరుసలో రాయాలా?

అవసరం లేదు. నా సలహా వేరే. ల్యాబ్ అయిన రోజు సాయంత్రమే విధానం రాసేయండి, చేతులు చేసిన పని అప్పటికి గుర్తుంటుంది. తర్వాత ఫలితాల పట్టిక, లెక్క. ఆ తర్వాత చర్చ. అన్నిటికంటే చివర ఉద్దేశం దగ్గరికి వెళ్లి, అక్కడ అడిగిన ప్రశ్నకే చర్చలో జవాబు వచ్చిందా అని చూడండి. రాకపోతే చర్చను దిద్దండి. జవాబుకు సరిపోయేలా ఉద్దేశాన్ని మార్చడం మాత్రం దొడ్డిదారి.

ఉద్దేశం ఒక్క లైనులో రాస్తే చాలా?

చాలు, కానీ ఆ లైను దేని గురించో తేలాలి. "నీటి కఠినత్వం కనుగొనుట" అని మాన్యువల్‌లో ఉంటుంది. ఏ నీరు, ఏ కఠినత్వం, ఏ పద్ధతి, ఏ యూనిట్‌లో అన్నది అందులో లేదు. ఇలా రాస్తే నాలుగూ వచ్చేస్తాయి:

"హాస్టల్ బోరు నీటి మొత్తం కఠినత్వాన్ని ఈడీటీఏ టైట్రేషన్‌తో, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమో కొలవడం, ఆ విలువను తాగునీటి భారతీయ ప్రమాణంతో పోల్చడం."

"మొత్తం" అన్న మాట ఇక్కడ ముఖ్యం. నీళ్లు మరగబెడితే పోయే కఠినత్వాన్ని తాత్కాలికం అంటారు, మరగబెట్టినా మిగిలేదాన్ని శాశ్వతం అంటారు. మీరు మరగబెట్టి చూడకపోతే ఆ రెండింటి గురించి రిపోర్ట్‌లో ఎక్కడా తీర్పు చెప్పకూడదు. ఉద్దేశంలో "మొత్తం" అని ఉంటే ఆ హద్దు ముందే గీసుకున్నట్టు.

"టైట్రేషన్ నేర్చుకోవడం" అని ఉద్దేశంగా రాసేవాళ్లున్నారు. అది లెక్చరర్ ఉద్దేశం, ప్రయోగం ఉద్దేశం కాదు.

సూత్రం ఎక్కడ రాయాలి, ఎంత రాయాలి?

ఉద్దేశం తర్వాత, విధానానికి ముందు. ఐదారు వాక్యాలు మించొద్దు. ఈ ప్రయోగానికి ఇంత సరిపోతుంది: నీటి కఠినత్వానికి ముఖ్య కారణం అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం అయాన్లు. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే ఇండికేటర్ ఆ అయాన్లతో కలిసి ద్రాక్షసారా లాంటి ఎరుపు రంగు ఇస్తుంది. ఈడీటీఏ ఆ అయాన్లను ఇండికేటర్ కంటే గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి దాన్ని చుక్కచుక్కగా పోస్తుంటే ముందు విడిగా ఉన్న అయాన్లు, చివరికి ఇండికేటర్ దగ్గరున్నవి కూడా దానికి వెళ్లిపోతాయి. ఒంటరిగా మిగిలిన ఇండికేటర్ పీహెచ్ 10 దగ్గర నీలంగా ఉంటుంది. ఎరుపు పూర్తిగా పోయి నీలం వచ్చినచోటే ఎండ్ పాయింట్.

ఈ పేరాలో ప్రతి వాక్యం తర్వాత ఎక్కడో ఒకచోట పనికొస్తుంది. పీహెచ్ 10 అన్న మాట లేకపోతే విధానంలో బఫర్ ఎందుకు పోశారో అర్థం కాదు. గైడ్‌లో నుంచి రెండు పేజీలు దించిన సూత్రంలో అలా పనికొచ్చే వాక్యాలు ఎన్నో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

విధానం మాన్యువల్‌లో ఉన్నదే కదా, దించి రాస్తే తప్పేంటి?

మాన్యువల్ ఏం చేయాలో చెబుతుంది. రిపోర్ట్ ఏం చేశారో చెప్పాలి. మాన్యువల్‌లో "20 మి.లీ. నీటిని పిపెట్‌తో తీసుకొనుము" అని ఉంటుంది. మీ బెంచీ మీద 10 మి.లీ. పిపెట్ మాత్రమే ఉంటే మీరు రెండుసార్లు తీసుకుని ఉంటారు. దించి రాసినవాళ్ల రిపోర్ట్‌లో ఆ సంగతి మాయమవుతుంది.

మన ఉదాహరణకు విధానం ఇలా ఉండొచ్చు:

"బోరు మోటారు వేసి, పైపులో నిలిచిన నీళ్లు పోయేదాకా వదిలిన తర్వాత శాంపిల్ పట్టాం. బాటిల్‌ను ముందు అవే నీళ్లతో కడిగాం. నిండుగా నింపి మూత పెట్టి, అదే రోజు ల్యాబ్‌లో వాడాం. ఈడీటీఏ డైసోడియం లవణం 3.72 గ్రాములను స్వేదన జలంలో కరిగించి 1 లీటరు చేసిన ద్రావణం ల్యాబ్ వాళ్లు ఇచ్చారు. దాని గాఢతను 0.0100 మోలార్ ప్రామాణిక కఠిన జలంతో సరిచూశాం. కోనికల్ ఫ్లాస్క్‌లోకి 20 మి.లీ. బోరు నీరు పిపెట్‌తో తీసుకుని, 2 మి.లీ. అమ్మోనియా–అమ్మోనియం క్లోరైడ్ బఫర్, 3 చుక్కల ఇండికేటర్ కలిపాం. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ పోస్తూ, ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం వచ్చేవరకు టైట్రేట్ చేశాం. చివరి మి.లీ.ని చుక్కచుక్కగా పోశాం. ఒకదానితో ఒకటి కలిసే రెండు రీడింగులు వచ్చేవరకు మళ్లీ చేశాం."

నీళ్లు ఎలా పట్టారన్నది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కఠినమైన బోరు నీళ్లను తెరిచి ఉంచితే అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, కొంత కాల్షియం కార్బొనేట్ తెల్లగా అడుగున దిగుతుంది. దిగినది మీ పిపెట్‌లోకి రాదు. అలా రెండు రోజులు బకెట్‌లో ఉన్న నీళ్లు తెచ్చినవాళ్లకు విలువ తక్కువ రావచ్చు. మూత, అదే రోజు అన్న మాటలు చూస్తే చదివేవాళ్లకు ఆ అనుమానం తీరిపోతుంది.

అయితే ప్రతి చిన్న పనీ రాయాలా? బ్యూరెట్‌ను స్టాండుకు బిగించడం కూడా?

వద్దు. ఇంకొకరు ఈ పని వేరేలా చేస్తే అంకె మారుతుందా అని అడగండి. మారితే రాయండి. స్టాండు ఏ కంపెనీదో, బ్యూరెట్‌ను ఏ చేత్తో పట్టుకున్నారో దానివల్ల అంకె మారదు. బ్యూరెట్‌ను దేనితో కడిగారో దానివల్ల మారుతుంది. పరికరాల జాబితా కూడా విడిగా అక్కర్లేదు, అవి విధానం వాక్యాల్లోనే వచ్చేస్తాయి. మీ కాలేజీ ఫార్మాట్‌లో జాబితా అడిగితే మాత్రం ఇవ్వండి, దాని మీద గొడవ అనవసరం.

ఫలితాల భాగంలో ఏం ఉండాలి?

పట్టిక, అందులో ఏం చూడాలో చెప్పే ఒకటి రెండు వాక్యాలు, ఒక నమూనా లెక్క, చివరి విలువ యూనిట్‌తో సహా. ఇంకేమీ వద్దు. మన ఉదాహరణ పట్టిక:

| సారి | మొదటి రీడింగ్ (మి.లీ.) | చివరి రీడింగ్ (మి.లీ.) | పట్టిన ఈడీటీఏ (మి.లీ.) |
|---|---|---|---|
| రఫ్ | 0.0 | 9.8 | 9.8 |
| 1 | 9.8 | 19.2 | 9.4 |
| 2 | 19.2 | 28.6 | 9.4 |

పట్టికకు పైన పేరు పెట్టండి: "20 మి.లీ. బోరు నీటికి పట్టిన ఈడీటీఏ". యూనిట్ తలకట్టులో ఒకసారి రాస్తే ప్రతి గడిలో మళ్లీ రాయనక్కర్లేదు. 0.1 మి.లీ. గీతలున్న బ్యూరెట్ అయితే 0 అని కాకుండా 0.0 అని రాయాలి. దశాంశం తర్వాతి ఆ సున్నా మీరు ఎంత సన్నగా చదివారో చెబుతుంది. ఈడీటీఏ గాఢత సరిచూసినదానికీ ఇలాంటి పట్టికే వేయండి. అక్కడ 20 మి.లీ. ప్రామాణిక జలానికి కలిసిన రీడింగ్ 20.4 మి.లీ. అనుకుందాం.

రఫ్ రీడింగ్ తీసేయొచ్చా? పట్టిక నీట్‌గా కనబడాలి కదా?

తీయొద్దు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, పట్టికలో మాత్రం ఉంచండి. రఫ్‌లో గబగబా పోశారు కాబట్టి 9.8 వచ్చింది, తర్వాత నెమ్మదిగా పోస్తే 9.4. ఆ తేడా చూస్తే ఎండ్ పాయింట్ దాటి పోవడం ఎంత తేలికో తెలుస్తుంది. చర్చలో వాడుకోవడానికి మంచి సరుకు అది.

మూడింటినీ కలిపి సగటు తీస్తే 9.5 వస్తుంది. తప్పని తెలిసిన రీడింగును సగటులో కలపడం వల్ల ఏ మేలూ లేదు. అబ్జర్వేషన్ నోట్‌బుక్‌లో తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి. వైట్‌నర్ పూసిన చోట ముందు ఏముందో అన్న అనుమానమే మిగులుతుంది.

లెక్క మొత్తం చూపించాలా? ఎన్ని దశాంశాలు రాయాలి?

ఒకసారి పూర్తిగా చూపించండి:

```
ఈడీటీఏ గాఢత = (20 × 0.0100) ÷ 20.4 = 0.0098 మోలార్

కఠినత్వం = (9.4 × 0.0098 × 100 × 1000) ÷ 20
         = 461 మి.గ్రా./లీ. (కాల్షియం కార్బొనేట్‌గా)
```

ఇందులో 100 అనేది కాల్షియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి, 1000 గ్రాములను మిల్లీగ్రాములు చేయడానికి. నీళ్లలో మెగ్నీషియం కూడా ఉన్నా మొత్తాన్ని కాల్షియం కార్బొనేట్‌గానే లెక్కగట్టడం ఆనవాయితీ, అందుకే చివరి ఆ మాట వదలకూడదు.

కాలిక్యులేటర్ 460.6 అనో 460.78 అనో చూపిస్తుంది. గాఢతను మధ్యలో ఎక్కడ కుదించారన్నదాన్ని బట్టి అది మారుతుంది. అన్ని అంకెలూ రాసేస్తే కచ్చితంగా ఉన్నట్టు కనబడుతుంది గానీ, ఆ కచ్చితత్వం మీ బ్యూరెట్‌కు లేదు. ఒక్కో రీడింగ్ 0.05 మి.లీ. అటూ ఇటూ పోవచ్చు. పట్టిన పరిమాణం రెండు రీడింగుల తేడా కాబట్టి మహా అయితే 0.1 మి.లీ. తేడా రావచ్చు. 9.4లో 0.1 అంటే ఒక శాతం పైచిలుకు, అంటే 461లో దాదాపు 5. గాఢత సరిచూసినప్పటి తేడా ఇంకో అర శాతం కలుపుతుంది. కాబట్టి చివరి ఫలితాన్ని "సుమారు 460 మి.గ్రా./లీ., పది అటూ ఇటూ" అనడం నిజాయితీ.

చర్చలో ఏం రాయాలో ఏమీ తోచదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మొదటి వాక్యం ఉద్దేశానికి జవాబు కావాలి. ఉద్దేశంలో ప్రమాణంతో పోలుస్తామన్నారు కదా, అక్కడే మొదలుపెట్టండి. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం మొత్తం కఠినత్వం 200 మి.గ్రా./లీ. వరకు ఉండాలి. వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మన 460 ఆ రెండింటి మధ్య ఉంది. మన ఫలితం పది అటూ ఇటూ అయినా ఆ మధ్యలోనే ఉంటుంది, అందుకని ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు. అదే మీకు 595 వచ్చి ఉంటే అంత ధైర్యం పనికిరాదు. "600 హద్దుకు దగ్గరగా ఉంది, దాటిందో లేదో ఈ ప్రయోగంతో తేల్చలేం" అని రాయాలి. ఎంత తేడా రావచ్చో ముందే లెక్కగట్టుకోవడం ఇలాంటి చోట పనికొస్తుంది.

తర్వాత, ఈ అంకెను ఎక్కువ చేసినవో తక్కువ చేసినవో ఏమై ఉండొచ్చు అన్నది. ఇక్కడ కారణం చెప్పి ఊరుకుంటే సగం పనే అయినట్టు. అది అంకెను ఏ వైపుకు లాగుతుంది, ఎంత లాగుతుంది అన్నది కూడా చెప్పాలి. మూడు ఉదాహరణలు చూడండి.

ఎండ్ పాయింట్ దగ్గర రంగు ఎరుపు నుంచి ఊదాకు, ఊదా నుంచి నీలానికి మారుతుంది. ఊదా దగ్గరే ఆపితే ఈడీటీఏ తక్కువ పడుతుంది, కఠినత్వం తక్కువ వస్తుంది. నీలం వచ్చాక ఇంకా పోసినా రంగు నీలంగానే ఉంటుంది, కాబట్టి దాటిపోయిన సంగతి కంటికి తెలియదు, కఠినత్వం ఎక్కువ వస్తుంది. రఫ్‌లో 0.4 మి.లీ. ఎక్కువ పట్టడం దానికి మీ పట్టికలోనే ఉన్న సాక్ష్యం. లెక్కలో అది 20 మి.గ్రా./లీ. తేడా.

కోనికల్ ఫ్లాస్క్‌ను స్వేదన జలంతో కడిగి తడిగానే వాడితే నష్టం లేదు, ఎందుకంటే లోపలికి పోయే అయాన్ల సంఖ్య 20 మి.లీ. పిపెట్‌తోనే తేలిపోయింది. అదే ఫ్లాస్క్‌ను బోరు నీళ్లతో కడిగితే గోడలకు అంటిన నీళ్లు లెక్కలోకి వచ్చేసి విలువ పెరుగుతుంది. పిపెట్ విషయం దీనికి తలకిందులు. దాన్ని స్వేదన జలంతో కడిగి అలాగే వాడితే శాంపిల్ పలచబడి విలువ తగ్గుతుంది, అందుకే దాన్ని శాంపిల్‌తోనే కడుక్కోవాలి.

మూడోది ఈడీటీఏ గాఢత. సీసా మీద 0.01 మోలార్ అని రాసి ఉందని దాన్నే వాడేస్తే 470 వచ్చేది. సరిచూశాక 0.0098 అని తేలింది కాబట్టి 461. ఆ సరిచూడటం లేకపోతే రెండు శాతం తప్పు కంటికి కనబడకుండా ఫలితంలో కూర్చునేది.

చివరగా, ఈ ప్రయోగం చెప్పలేనిది ఏంటో ఒక వాక్యంలో. కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అన్నది ఈ ఒక్క టైట్రేషన్‌తో విడగొట్టలేం. ఒక్క రోజు పట్టిన శాంపిల్‌తో ఎండాకాలంలో ఆ బోరు ఎలా ఉంటుందో చెప్పలేం.

"మానవ తప్పిదాల వల్ల ఫలితంలో తేడా వచ్చి ఉండవచ్చు" అని రాస్తే సరిపోదా?

ఆ వాక్యాన్ని ఏ ప్రయోగం కిందైనా అతికించొచ్చు, అందుకే దానికి మార్కులు పడవు. ఏ తప్పు, ఏ అడుగులో, అంకె ఏ వైపుకు పోయింది అని రాయలేకపోతే ఆ వాక్యం వదిలేయండి. చేయని తప్పులను ఊహించి రాయడం కూడా వద్దు. బ్యూరెట్ సరిగ్గానే కడిగితే "బ్యూరెట్ సరిగా కడగకపోయి ఉండవచ్చు" అని రాయడం మీ విధానాన్ని మీరే కాదన్నట్టు అవుతుంది.

పక్క బ్యాచ్‌కు అదే నీళ్లతో 440 వచ్చింది. ఎవరిది రాయాలి?

మీది మీరు రాయండి. వాళ్ల విలువను చర్చలో ప్రస్తావించొచ్చు, అది వాళ్లదని చెప్పి. తేడా 20, అంటే 20 మి.లీ. శాంపిల్‌కు దాదాపు 0.4 మి.లీ. ఈడీటీఏ. రీడింగ్ చదవడంలో వచ్చే తేడా అంత ఉండదు. కాబట్టి కారణం వేరే చోట వెతకాలి. వాళ్లు ఊదా దగ్గర ఆపారా, వాళ్ల బాటిల్ మూత తీసి ఉందా, గాఢత విలువ ఒకటే వాడారా అని అడిగి చూడండి. అడిగితే తేలేదాన్ని ఊహించి రాయడం దేనికి?

ఇద్దరూ మాట్లాడుకుని 450కి సర్దుకోవడం మాత్రం చేయొద్దు. దిద్దేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే 450 రావాలంటే బ్యూరెట్ 9.2 చూపించాలి, మీ పట్టికలో కలిసిన రీడింగులేమో 9.4 అంటాయి.

మా ప్రయోగంలో నీలం రంగే రాలేదు. రిపోర్ట్ ఏం రాయాలి?

రానిదే ఫలితం. "15 మి.లీ. పోసినా ఎరుపు పోలేదు" అని ఫలితాల్లో రాయండి, ఎందుకు రాలేదో చర్చలో వెతకండి. మామూలుగా అనుమానించాల్సినవి కొన్నే. బఫర్ మర్చిపోతే, ఈడీటీఏ లోహాన్ని పట్టుకునేటప్పుడు హైడ్రోజన్ అయాన్లు వదులుతుంది కాబట్టి పీహెచ్ పడిపోతుంది, ఇండికేటర్ నీలంగా మారదు. నీళ్లలో రాగి, ఇనుము లాంటి లోహాలుంటే అవి ఇండికేటర్‌ను వదలకుండా పట్టుకుంటాయి. ఇండికేటర్ ద్రావణం పాతబడితే రంగే సరిగా రాదు.

వీటిని వేరు చేయడానికి తేలికైన పరీక్ష ఉంది. ఫ్లాస్క్‌లో శాంపిల్‌కు బదులు స్వేదన జలం తీసుకుని బఫర్, ఇండికేటర్ కలపండి. ఈడీటీఏ లేకుండానే నీలం రావాలి. వస్తే మీ బఫర్, ఇండికేటర్ బాగున్నట్టే, తేడా శాంపిల్‌లోనో మీరు బఫర్ మర్చిపోవడంలోనో ఉంది. ఎరుపు వస్తే స్వేదన జలంలోనో గాజు సామాన్లోనో లోహ అయాన్లు ఉన్నట్టు. ఈ పరీక్ష చేశామని విధానంలో, ఏ రంగు వచ్చిందో ఫలితాల్లో, దానర్థం చర్చలో రాయండి. ఇలా రాసిన రిపోర్ట్‌కు, అన్నీ సరిగ్గా వచ్చిన రిపోర్ట్ కంటే ఎక్కువ మార్కులు వేయడానికి నాకైతే అభ్యంతరం లేదు.

మాది మునుగోడు వైపు. కఠినత్వం ఎక్కువ వచ్చింది కాబట్టి ఫ్లోరైడ్ కూడా ఎక్కువని చర్చలో రాయొచ్చా?

రాయకూడదు. ఈ ప్రశ్న మన జిల్లాలో రావడం సహజమే, ఫ్లోరైడ్ దెబ్బ తిన్న ఊళ్లు చూస్తూ పెరిగిన పిల్లలకు నీళ్లనగానే అదే గుర్తొస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ పేరే పెట్టారు. అయినా ఈడీటీఏ ఫ్లోరైడ్‌ను కొలవదు. మీరు కొలవనిదాని మీద తీర్పు చెప్పడం చర్చ పని కాదు.

పైగా రసాయనం చాలాసార్లు మీ ఊహకు ఎదురుగా నడుస్తుంది. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది, అది నీళ్లలో చాలా తక్కువ కరుగుతుంది. అందువల్ల కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరగడానికి ఒక హద్దు ఉంటుంది. ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న భూగర్భజలాల్లో తరచుగా కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా కనబడతాయి. అంటే సబ్బు చక్కగా నురగ వచ్చే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. కఠినత్వం చూసి ఇటూ చెప్పలేం, అటూ చెప్పలేం.

ఆ విషయం మీకు ముఖ్యమనిపిస్తే చర్చ చివర ఇలా రాయండి: "ఈ ప్రయోగంలో ఫ్లోరైడ్‌ను కొలవలేదు. ఐఎస్ 10500 ప్రకారం దాని హద్దు 1.0 మి.గ్రా./లీ., వేరే ఆధారం లేనప్పుడు 1.5. దాన్ని తెలుసుకోవాలంటే ఇదే శాంపిల్‌ను ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో విడిగా పరీక్షించాలి."

"చేశాం" అని రాయాలా, "చేయబడినది" అని రాయాలా?

తెలుగులో రాస్తుంటే "తీసుకున్నాం, కలిపాం" అనడమే సాఫీగా ఉంటుంది. "20 మి.లీ. నీరు పిపెట్ చేయబడినది" అని రాస్తే శాస్త్రీయంగా ఉంటుందని అనుకుంటారు, చదవడానికి మాత్రం బరువు. ఇంగ్లిష్‌లో రాయమంటే విధానం, ఫలితాలు భూతకాలంలో ఉండాలి, మాన్యువల్‌లోని ఆజ్ఞావాక్యాలు రాకూడదు. ఇండికేటర్ పీహెచ్ 10 దగ్గర నీలంగా ఉంటుంది లాంటి ఎప్పటికీ నిజమైన మాటలు వర్తమానంలోనే ఉంచండి. మీ డిపార్ట్‌మెంట్ "మేము" వద్దంటే ఆ మాట వినండి, దానివల్ల అంకెలేమీ మారవు.

ఎన్ని పేజీలు ఉండాలి?

ఈ ప్రయోగానికి చేతిరాతలో మూడు నాలుగు పేజీలు. సూత్రం చర్చ కంటే పొడుగ్గా ఉంటే సూత్రాన్ని కోయండి.